మౌర్యుల పాలన, పన్నులు, గూఢచారులు: మెయిన్స్‌లో జవాబు ఎలా రాయాలి

గ్రూప్-1, సివిల్స్ మెయిన్స్ రాసేవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది: "మౌర్య రాజ్య బలానికి పాలనా యంత్రాంగం, పన్నుల వ్యవస్థ, గూఢచారి వ్యవస్థ ఎంతవరకు ఆధారమయ్యాయి? చర్చించండి." చూడగానే తెలిసిన ప్రశ్నలాగే ఉంటుంది. అందుకే చాలామంది మూడు సబ్‌హెడింగ్‌లు పెట్టి, మొదటి దాని కింద మంత్రిపరిషత్తు, అధ్యక్షుల పేర్లు, రెండో దాని కింద బలి, భాగ, శుల్కం, మూడో దాని కింద గూఢచారుల రకాలు నింపి వచ్చేస్తారు. సమాచారంలో తప్పుండదు, మార్కులు మాత్రం సగం దగ్గరే ఆగిపోతాయి. అడిగింది జాబితా కాదు కాబట్టి. రాజ్యానికి బలం ఎలా వచ్చిందని అడిగారు.

ఈ ప్రశ్నను మౌర్యుల ఉదాహరణతోనే మొదటి నుంచి చివరి దాకా రాసి చూద్దాం.

మొదటి పని: మూడు అంశాలను ఒక వరుసలో పెట్టండి

పెన్ను కదిపే ముందు ఒక మాట తేల్చుకోండి. పాలన, పన్ను, గూఢచర్యం విడివిడి శాఖలు కావు. ఎవరి దగ్గర ఎంత భూమి ఉందో తెలిస్తేనే పన్ను వేయగలరు. పన్ను వస్తేనే సైన్యానికి, ఉద్యోగులకు జీతాలు ఇవ్వగలరు. వసూలు చేసిన ఉద్యోగి మధ్యలో తినేయకుండా చూస్తేనే ఆ డబ్బు ఖజానాకు చేరుతుంది. లెక్క, వసూలు, తనిఖీ అనే ఈ వరుసే మీ జవాబుకు వెన్నెముక.

ఇది మనం కల్పించుకున్నది కాదు, అర్థశాస్త్రంలోనే ఉంది. అన్ని కార్యాలకూ కోశమే, అంటే ఖజానాయే, మూలమని అది స్పష్టంగా చెబుతుంది. రాజ్యానికి అది చెప్పిన ఏడు అంగాల్లో, అంటే సప్తాంగాల్లో, స్వామి, అమాత్య, జనపద, దుర్గాల తర్వాత కోశం, ఆ వెంటనే సైన్యం అనే దండం, చివర మిత్రుడు వస్తారు. సప్తాంగాల పేర్లు ఏడూ రాసి ఊరుకోకుండా కోశం పక్కనే దండం ఎందుకుందో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే, మీరు ప్రశ్నను అర్థం చేసుకున్నారని దిద్దేవారికి తెలిసిపోతుంది.

రెండో పని: ఏ మాట ఏ ఆధారం నుంచి వచ్చిందో విడదీయండి

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. అర్థశాస్త్రంలో ఉన్నదంతా చంద్రగుప్తుడి కాలంలో జరిగిపోయినట్టు రాసేస్తారు. ఆ గ్రంథం రాజు ఎలా పాలించాలో చెప్పే శాస్త్రం. ఎలా పాలించాడో చెప్పే రికార్డు కాదు. అందులో మౌర్యుల పేరు లేదు, పాటలీపుత్రం పేరు లేదు. 1905లో మైసూరులో ఆర్. శామశాస్త్రికి దాని తాళపత్ర ప్రతి దొరికింది, 1909లో అచ్చయింది. మొదట్లో దాన్ని నేరుగా మౌర్యుల కాలానిదిగా తీసుకున్నవారు ఎక్కువ. తర్వాత, ఇప్పుడున్న రూపం క్రీస్తు శకం తొలి శతాబ్దాల దాకా పెరుగుతూ వచ్చిందని పలువురు పండితులు వాదించారు.

రెండో ఆధారం చంద్రగుప్తుడి కాలంలో వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్. ఆయన ఇండికా మనకు దొరకలేదు. స్ట్రాబో, డయొడోరస్, ఏరియన్ లాంటి తర్వాతి రచయితలు ఎత్తి రాసిన భాగాలే మిగిలాయి. పాటలీపుత్రాన్ని ఐదుగురేసి సభ్యులున్న ఆరు సంఘాలు నడిపాయని వాటిలో ఉంది. అర్థశాస్త్రంలో ఈ సంఘాలు కనిపించవు, నగరం మీద నాగరకుడు అనే ఒక్క అధికారి ఉంటాడు. చాలా నోట్సుల్లో ఈ రెండింటినీ కలిపి ఒకే పేరాలో రాసేస్తుంటారు. మీరు విడదీసి, రెండూ పొసగడం లేదని ఒక మాట అంటే చాలు.

మూడోది అశోకుడి శాసనాలు. ఆ కాలంలోనే రాతి మీద చెక్కినవి కాబట్టి నమ్మకానికి వాటిదే మొదటి స్థానం. కాకపోతే అవి రాజు తన గురించి తాను చెప్పుకున్న మాటలని మరిచిపోకూడదు.

జవాబులో దీనికోసం ప్రత్యేక పేరా అక్కర్లేదు. "అర్థశాస్త్రం సూచించినట్టు", "మెగస్తనీస్ చెప్పిన ప్రకారం", "అశోకుడి శాసనం చెబుతున్నది" అని క్రియలు మార్చి రాయండి. ఇంత చిన్న జాగ్రత్తతోనే జవాబు స్థాయి మారుతుంది.

మూడో పని: పాలనను లెక్కలతో మొదలుపెట్టండి, పదవులతో కాదు

అర్థశాస్త్రం ప్రకారం ఐదు లేదా పది గ్రామాలకు ఒక గోప, జనపదంలో నాలుగో వంతుకు ఒక స్థానిక, అందరి పైన సమాహర్త ఉంటారు. ఈ మూడు పేర్లు అందరూ రాస్తారు. గోప ఏం చేస్తాడో రాసేవాళ్లు తక్కువ. ఏ ఇల్లు పన్ను కడుతుంది, ఏది కట్టదు, ఇంట్లో ఎవరెవరున్నారు, రైతులెవరు, పశువుల కాపరులెవరు, వర్తకులెవరు, కూలీలెవరు, పశువులెన్ని, ఆ ఇంటి నుంచి ఎంత డబ్బు, ఎంత వెట్టి, ఎంత సుంకం, ఎంత జరిమానా వస్తుంది అన్నది అతను రాసి పెట్టాలి.

అసలు మలుపు ఆ తర్వాత ఉంది. గోప రాసిన లెక్క నిజమో కాదో చూడటానికి సమాహర్త గృహస్థుల వేషంలో గూఢచారులను పంపాలని అదే అధ్యాయం చెబుతుంది. వాళ్లు పొలాల కొలతను, దిగుబడిని, ఇళ్ల పన్నులను, మినహాయింపులను, కుటుంబాల వృత్తులను విడిగా కనుక్కుంటారు. అంటే గూఢచారి అక్కడ చేసే పని కుట్రలు పట్టుకోవడం కాదు, ఆడిటింగ్. ఈ ఒక్క ఉదాహరణలో ప్రశ్న అడిగిన మూడు అంశాలూ కలిసిపోతాయి. నా దృష్టిలో ఈ టాపిక్ మొత్తంలో ఒకే ఒక్క వివరం గుర్తుపెట్టుకోగలిగితే ఇదే పెట్టుకోవాలి.

దీని అవసరం ఎందుకొచ్చిందో కూడా ఆ గ్రంథమే చెబుతుంది. నీళ్లలో తిరిగే చేప ఎప్పుడు నీళ్లు తాగిందో తెలియనట్టే, ఉద్యోగి ఎప్పుడు రాజధనం తిన్నాడో తెలియదంటుంది. ఉద్యోగులు సొమ్ము కాజేసే దారులను 40గా లెక్కపెడుతుంది.

అశోకుడి దగ్గరికి వచ్చేసరికి పేర్లు మారతాయి. మూడో శిలాశాసనంలో యుక్తులు, రజ్జుకులు, ప్రాదేశికులు ఐదేళ్లకొకసారి పర్యటనకు వెళ్లాలని ఆజ్ఞ ఉంది. ఈ పర్యటనల్లో ధర్మప్రచారంతో పాటు తమ మామూలు పనులు కూడా చేయాలన్నాడు. గోప, స్థానికలను ఈ పేర్లతో సమానం చేసి రాయకండి, అలా కలపడానికి గట్టి ఆధారం లేదు.

నాలుగో పని: పన్నుకు ఒక శాసనాన్ని విడమర్చండి

ఆరో వంతు అని రాసి వదిలేయడం మామూలు. పంటలో ఆరో వంతు అన్నది శాస్త్రగ్రంథాల మాట. గ్రీకు రచనల్లో నాలుగో వంతు ప్రస్తావన ఉంది, అది కూడా స్ట్రాబోలో ఒక రకంగా, డయొడోరస్‌లో ఒక రకంగా ఉంది. ఏది నిజమని తేల్చే పని మీది కాదు. రేటు ప్రాంతాన్ని బట్టి, నేలను బట్టి, నీటి వసతిని బట్టి మారి ఉంటుందని రాస్తే సరిపోతుంది.

దానికంటే రుమ్మిందేయి స్తంభ శాసనం మీకు ఎక్కువ పనికొస్తుంది. పట్టాభిషేకమైన 20 ఏళ్లకు అశోకుడు లుంబినికి స్వయంగా వెళ్లి, బుద్ధుడు పుట్టిన చోటు కనుక ఆ గ్రామానికి బలి తీసేశాడు, పంటలో రాజు వాటా అయిన భాగాన్ని ఎనిమిదో వంతు చేశాడు. శాసనం నాలుగైదు పంక్తులే. కానీ దాన్నుంచి ఎన్ని విషయాలు రాబట్టవచ్చో చూడండి. బలి, భాగ అనేవి రెండు వేర్వేరు పన్నులు, ఒకటి తీసేసి రెండోది ఉంచాడు కాబట్టి. ఎనిమిదో వంతును రాయితీగా తీసుకుంటే, మామూలు రేటు అంతకంటే ఎక్కువ. పన్ను మార్చే అధికారం రాజు చేతిలో ఉంది. ఒక చిన్న గ్రామం కట్టే పన్ను వివరాలు కూడా రాజ్యానికి తెలుసు. ఇంకో మాట: తన మతానికి అంత పవిత్రమైన ఊరికి కూడా రాజు పన్ను పూర్తిగా మాఫీ చేయలేదు. కోశం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అత్యవసర పన్ను గురించి కూడా ఒక వాక్యం వేయండి. ఖజానా ఖాళీ అయినప్పుడు ప్రణయ పేరుతో అదనంగా అడగవచ్చు, కానీ ఒక్కసారే, రెండోసారి కాదు అని అర్థశాస్త్రం అంటుంది. క్రీ.శ. 150 నాటి రుద్రదాముని జునాగఢ్ శాసనంలో ఇదే మాట మళ్లీ కనిపిస్తుంది. కర, వెట్టిచాకిరీ అయిన విష్టి, ప్రణయలతో ప్రజలను పీడించకుండా, తన కోశం నుంచే ఖర్చు పెట్టి సుదర్శన తటాకాన్ని బాగుచేయించానని అతను చెప్పుకున్నాడు. ఆ తటాకాన్ని మొదట చంద్రగుప్తుడి ప్రాంతీయ అధికారి, అంటే రాష్ట్రీయుడు, పుష్యగుప్తుడు కట్టించాడని, అశోకుడి తరఫున యవనరాజు తుషాస్ఫుడు కాలువలు పెట్టించాడని చెప్పేదీ ఆ శాసనమే. పన్నును వసూలుగా మాత్రమే చూడకుండా, ఆ డబ్బు నీటి వసతిగా తిరిగి పొలానికి చేరిందని, దానివల్ల మళ్లీ పంట, మళ్లీ పన్ను వచ్చాయని రాయడానికి ఇది దారి చూపిస్తుంది.

ఐదో పని: గూఢచారుల గురించి రాసేటప్పుడు తగ్గించి రాయండి

ఇక్కడ ఉత్సాహం ఎక్కువై విషకన్యల దాకా వెళ్లిపోతారు. వద్దు. ఒకేచోట ఉండి పనిచేసేవి సంస్థలు, తిరుగుతూ పనిచేసేవాళ్లు సంచారులు అని విభజన చెప్పి, ఒక్కోదానికి ఒకటో రెండో ఉదాహరణలు ఇస్తే చాలు. కాపటికుడు, వైదేహకుడు, తాపసుడు మొదటి రకం. సత్రి, తీక్ష్ణుడు, భిక్షుకి రెండో రకం.

వాళ్లు వ్యవస్థగా ఎలా పనిచేయాలో చెప్పే రెండు నియమాలు వేషాల కంటే ముఖ్యం. ఒకరి గురించి ఒకరికి తెలియకూడదు. ముగ్గురు విడివిడిగా తెచ్చిన సమాచారం ఒకటైతేనే నమ్మాలి. గూఢచారిని కూడా నమ్మని గూఢచారి వ్యవస్థ అది. అమాత్యులను నియమించాక ధర్మం, అర్థం, కామం, భయం అనే నాలుగు పరీక్షలు పెట్టి చూడమనడం కూడా ఈ కోవలోనిదే.

జీతాల పట్టికలో ఒక వివరం ఉంది, జవాబులో బాగా పనికొస్తుంది. మంత్రి, పురోహితుడు, సేనాపతి స్థాయి వారికి 48,000 పణాలు, సమాహర్త, సన్నిధాతలకు 24,000. అదే పట్టికలో శిక్షణ పొందిన కాల్బంటుకు, లెక్కలు రాసే గణకులు, లేఖకులకు, సత్రి, భిక్షుకి లాంటి సంచారులకు ఒకే జీతం, 500 పణాలు. సైనికుడు, గుమాస్తా, గూఢచారి ముగ్గురూ ఒకే వరుసలో నిలబడ్డారు. మీరు మొదట పెట్టుకున్న లెక్క, వసూలు, తనిఖీ వరుసకు ఇది గ్రంథంలోంచే దొరికిన సాక్ష్యం. అయితే ఇది శాస్త్రం సూచించిన పట్టికే తప్ప మౌర్యులు చెల్లించిన జీతాల రికార్డు కాదు. ఆ మాట కలపడం మరవకండి.

మరి శాసనాల్లో గూఢచారులున్నారా? ఆరో శిలాశాసనంలో ప్రతివేదకులు ఉన్నారు. తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, ఉద్యానవనంలో ఉన్నా ప్రజల విషయం వెంటనే తనకు తెలపాలని అశోకుడు వాళ్లను ఆజ్ఞాపించాడు. వీళ్లు సమాచారం అందించేవాళ్లు. దీన్ని పట్టుకుని అశోకుడి గూఢచారి దళం అని రాయడం అతి అవుతుంది. మెగస్తనీస్ చెప్పిన ఏడు వర్గాల్లో రాజుకు నివేదించే పర్యవేక్షకులు ఒక వర్గం. ఈ రెండింటినీ కలిపి, సమాచారం రాజు దాకా చేరే దారి ఉండేదని మాత్రమే రాయండి.

ఆరో పని: "ఎంతవరకు" అన్నదానికి జవాబు చెప్పండి

ప్రశ్నలో "ఎంతవరకు" ఉంటే పరిమితులు రాయకపోతే జవాబు పూర్తికాదు. దీనికి అశోకుడే సాక్షి. కళింగలోని ధౌలి, జౌగడ ప్రత్యేక శాసనాల్లో తోసలి, సమాపల ఉన్నతాధికారులైన మహామాత్రులను ఉద్దేశించి, కొందరు కారణం లేకుండా జైలు పాలవుతున్నారని, హింసకు గురవుతున్నారని అతనే ఒప్పుకున్నాడు. అసూయ, కోపం, తొందరపాటు, సోమరితనం వదులుకోమని అధికారులకు చెప్పాడు. ఐదేళ్లకొకసారి మెత్తని స్వభావమున్న మహామాత్రుణ్ణి పంపుతానని, ఉజ్జయిని, తక్షశిలల నుంచైతే మూడేళ్లు దాటకుండా పంపాలని అన్నాడు. యంత్రాంగం ఉన్నంత మాత్రాన అది రాజు చెప్పినట్టు నడిచిందని కాదు.

విస్తీర్ణం ఇంకో పరిమితి. రోమిలా థాపర్ మొదట్లో మౌర్య రాజ్యాన్ని గట్టి కేంద్రీకృత రాజ్యంగానే చూశారు. తర్వాత ఆ అభిప్రాయాన్ని సవరించుకుని, మగధ కేంద్ర ప్రాంతం, దాని చుట్టూ ఉన్న కీలక ప్రాంతాలు, అంచు ప్రాంతాలు అని విభజించారు. అంచుల్లో పాలన కంటే వనరులు రాబట్టుకోవడమే ప్రధానమన్నది ఆ వాదన.

మన వాళ్లకు ఇక్కడ దగ్గరి ఉదాహరణ కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి. అక్కడ పెద్ద శిలాశాసనాలు, చిన్న శిలాశాసనం రెండూ ఉన్నాయి. రజ్జుకుడికి ఆజ్ఞ ఇవ్వాలి, అతను భేరి మోగించి జనపద ప్రజలకు, స్థానిక పెద్దలైన రఠికులకు ఆజ్ఞ చేరవేయాలి అని చిన్న శాసనంలో ఉంది. అధికారి పేరు అదే రజ్జుకుడు. కానీ మాట చేరడానికి స్థానిక పెద్దలు మధ్యలో కావాలి. అటు పాటలీపుత్రం దగ్గర ఇంటింటి లెక్క ఉందనుకున్నా, ఇక్కడ అదే పట్టు ఉందని ఈ శాసనం చెప్పదు. ఏపీ, తెలంగాణ పరీక్షల్లో ఈ ఉదాహరణ అదనపు బలం.

రాసి చూద్దాం

15 మార్కులు, 250 పదాల పరిమితి అనుకుందాం. పదాలు లెక్కపెట్టుకుంటూ టెన్షన్ పడకుండా నాలుగు చిన్న పేరాలు అనుకోండి. నేనైతే ఇలా రాస్తాను:

"మౌర్య రాజ్య బలం సైన్యంలోనే కాదు, ఆ సైన్యాన్ని పోషించిన కోశంలో, కోశాన్ని నింపిన సమాచారంలో ఉంది. అన్ని కార్యాలకూ కోశమే మూలమన్న అర్థశాస్త్రం దీన్ని సిద్ధాంతంగా చెబితే, అశోకుడి శాసనాలు ఆచరణలో కొంతవరకు చూపిస్తాయి.

అర్థశాస్త్రం ప్రకారం గోప, స్థానిక, సమాహర్తలు ఇళ్లు, పొలాలు, పశువుల లెక్క ఉంచాలి. ఆ లెక్కను గృహస్థుల వేషంలోని గూఢచారులు సరిచూడాలి. సమాచారం ముగ్గురి ద్వారా ధ్రువపడాలి. ఇక్కడ గూఢచర్యం పన్నుల పాలనలో ఒక భాగం. ఇది ఆదర్శ నమూనా, అమలైన తీరుకు రికార్డు కాదు.

శాసనాలు దీనికి పాక్షికంగా మద్దతిస్తాయి. లుంబినికి బలి రద్దు చేసి భాగాన్ని ఎనిమిదో వంతు చేయడం, గ్రామస్థాయి పన్ను మీద రాజు అధికారాన్ని చూపుతుంది. రజ్జుకుల పర్యటనలు, ప్రతివేదకుల నివేదికలు సమాచార మార్గాన్ని చూపుతాయి. సుదర్శన తటాకం వంటి నిర్మాణాలు పన్ను ఆధారాన్నే పెంచాయి.

అయితే ఈ పట్టు అంతటా ఒకేలా లేదు. కళింగలో అధికారుల అక్రమ నిర్బంధాలను అశోకుడే ప్రస్తావించాడు. ఎర్రగుడి శాసనంలో ఆజ్ఞ స్థానిక పెద్దల ద్వారా వెళ్లింది. కాబట్టి ఈ మూడు వ్యవస్థలు మగధలో, దాని చుట్టుపక్కల రాజ్య బలానికి గట్టి పునాది కాగా, దూరప్రాంతాల్లో స్థానిక శక్తులతో సర్దుబాటే ఎక్కువ ఆధారమైంది."

ఇందులో పదవుల పేర్లు ఎంత తక్కువ ఉన్నాయో గమనించండి. 10 మార్కుల ప్రశ్నైతే తటాకం వాక్యం తీసేయండి, ఎర్రగుడి ఉంచండి.

రాసిన తర్వాత ఒక పరీక్ష చేయండి. ప్రతి వాక్యంలో "మౌర్య" తీసి "గుప్త" అని పెట్టి చదవండి. వాక్యం అప్పుడు కూడా చెల్లుబాటు అయితే అది ఉత్త నింపుడు వాక్యం, కొట్టేయండి. "సమర్థమైన పాలనా యంత్రాంగం ఉండేది" ఈ పరీక్షలో నిలవదు. లుంబిని వాక్యం నిలుస్తుంది.

ప్రిలిమ్స్ కోసం సమాహర్తకు వసూలు, సన్నిధాతకు భద్రపరచడం అన్న తేడా, మెగస్తనీస్ వర్గాలు ఏడు అన్నది గుర్తుంటే ఈ టాపిక్‌లో మామూలు ఉచ్చులు తప్పుతాయి.

ఇదే పద్ధతి శాతవాహనులకు

లుంబిని శాసనాన్ని చదివినట్టే మినహాయింపులను తిరగేసి చదవండి. నాసిక్ గుహలో గౌతమీపుత్ర శాతకర్ణి 18వ పాలనా సంవత్సరపు శాసనం ఉంది. గోవర్ధనంలోని అమాత్యుడికి పంపిన ఆజ్ఞ అది. సన్యాసులకు నివర్తనం అనే ఆనాటి భూమి కొలతలో 200 నివర్తనాల పొలం ఇస్తూ, అందులోకి రాజభటులు ప్రవేశించకూడదు, ఉప్పు తవ్వకూడదు, జిల్లా అధికారులు జోక్యం చేసుకోకూడదు అంటుంది. దానం చేయని మిగతా ఊళ్లలో ఇవన్నీ జరిగేవన్నమాట. భటుల ప్రవేశం, ఉప్పు మీద రాజు హక్కు, అధికారి జోక్యం అనే మూడింటినీ రాజ్య బలానికి రూపాలుగా రాయండి. పరిమితి కూడా అక్కడే దొరుకుతుంది. ఆరేళ్ల తర్వాత, 24వ సంవత్సరంలో మరో ఆజ్ఞ వెలువడింది. ముందు ఇచ్చిన పొలం సాగులో లేదు, ఆ ఊళ్లో జనం లేరు, అందుకని దానికి బదులు నగరం అంచున రాజుకున్న పొలంలో 100 నివర్తనాలు ఇమ్మని అందులో ఉంది. శాతవాహనుల మీద "ఎంతవరకు" అని అడిగితే చివరి పేరాకు ఈ రెండో ఆజ్ఞను వాడండి.